పాలసీ వార్షికోత్సవ ఉత్తరంలో సూచించిన టాప్‌అప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరోగ్య బీమా తీసుకున్న నా క్లయింట్లకు, వారి పాలసీ రెన్యువల్‌కు రెండు నెలల ముందు ఒక ఈమెయిల్ పంపుతాను. అందులో ముందుగా వారి పాలసీ ఏమి ఇవ్వదో రాస్తాను. ఆ తర్వాతే, ఉన్న పాలసీ మీద అదనంగా తీసుకునే టాప్‌అప్ సంగతి ఎత్తుతాను. ఆ ఉత్తరం వెళ్లిన వారంలో వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే రకం సందేహాలు. అందుకే వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఉత్తరంలో అందరూ ఆగి మళ్లీ చదివే భాగం ఇది:

"మీది 5 లక్షల పాలసీ. గదికి రోజుకు రూ. 5,000 వరకే ఇస్తుంది. అంతకన్నా ఖరీదైన గదిలో ఉంటే డాక్టరు ఫీజులోనూ కోత పడుతుంది. గ్లౌజులు, మాస్కుల వంటి వాటికి ఏమీ ఇవ్వదు. నేను సూచిస్తున్న సూపర్ టాప్‌అప్ చిన్న బిల్లుల్లో పడే ఈ కోతలను తీర్చదు. ఏడాదిలో ఆసుపత్రి ఖర్చు 5 లక్షలు దాటితేనే అది పనికొస్తుంది."

## ఉత్తరం చదవగానే వచ్చే సందేహాలు

ఇన్నేళ్లుగా ప్రీమియం కడుతున్నాను. ఇప్పుడు నా పాలసీ చాలదని ఎందుకు అంటున్నారు?

పాలసీ చెడ్డదని కాదు. మీరు తీసుకున్ననాటి ఆసుపత్రి ధరలకు అది సరిపోయింది. బీమా మొత్తం అక్కడే ఆగింది, ధరలు ఆగలేదు. పైగా మీది ఫ్లోటర్ పాలసీ అయితే ఆ 5 లక్షలూ ఇంట్లో నలుగురికీ కలిపి. జూన్‌లో నాన్నగారి గుండె చికిత్సకు 4 లక్షలు పోతే, ఆ పాలసీ సంవత్సరం ముగిసేదాకా మిగతా ముగ్గురికీ ఉన్నది లక్ష మాత్రమే. కొన్ని పాలసీల్లో అయిపోయిన మొత్తాన్ని మళ్లీ నింపే సదుపాయం ఉంటుంది. కానీ అదే వ్యక్తికి అదే జబ్బు మళ్లీ వస్తే అది వర్తిస్తుందా లేదా అన్నది పాలసీని బట్టి మారుతుంది. మీ కాగితంలో ఆ ఒక్క వాక్యం చూసుకోండి.

నా బేస్ పాలసీ, అంటే ఇప్పుడున్న పాలసీ, అసలు ఏమేమి వదిలేస్తుంది?

వదిలేసేవి నాలుగు రకాలు. మొదటిది, గది అద్దె పరిమితి. పాత పాలసీల్లో చాలావాటికి రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, ఐసీయూకి 2 శాతం అని ఉంటుంది. రెండోది, కొన్ని చికిత్సలకు విడిగా పెట్టిన పరిమితి. కంటి శుక్లాల ఆపరేషన్‌కు ఇంత అని రాసి ఉంటే, మిగిలినది మీ జేబులోంచే. మూడోది కో-పే. పెద్దవారి పాలసీల్లో ప్రతి క్లెయిమ్‌లో 10 లేదా 20 శాతం మీరే భరించాలన్న షరతు తరచుగా కనిపిస్తుంది. నాలుగోది, వైద్యేతర వస్తువులు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రకటించిన జాబితాలో ఇలాంటివి 68 ఉన్నాయి. గ్లౌజులు, మాస్కులు, డైపర్లు, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, నెబ్యులైజర్ కిట్, నడుము బెల్టులు, రోగితో ఉన్నవారి భోజనం అందులో ఉంటాయి.

ఇవి కాక, ఆసుపత్రిలో చేరకుండా డాక్టరును చూసి మందులు కొనుక్కునే ఖర్చు సాధారణ పాలసీలో రాదు. నెలనెలా వాడే బీపీ, షుగర్ మాత్రలు ఈ లెక్కలోకే వస్తాయి.

గది అద్దె మూడు వేలు ఎక్కువైతే ఆ మూడు వేలే కదా నేను కట్టాల్సింది?

కాదు. నన్ను అడిగే ప్రశ్నల్లో అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. కాస్త వివరంగా చెబుతాను.

కొన్నేళ్ల క్రితం విజయవాడలో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర నా క్లయింట్ కుమారుడు నన్ను నిలబెట్టి అడిగాడు. వాళ్ల అమ్మగారికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. 5 లక్షల పాలసీ, గది పరిమితి రోజుకు రూ. 5,000. వాళ్లు తీసుకున్న గది రూ. 8,000. బిల్లు మొత్తం రూ. 2,40,000. బీమా మొత్తంలో సగమైనా కాలేదు. అయినా ఇంటివాళ్లను రూ. 69,000 కట్టమన్నారు. అతని చేతిలోని కాగితం మీద గది వరుస దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ పన్నెండు వేలే కదండీ తేడా, మిగతాది ఎక్కడిది?" అన్నాడు.

లెక్క ఇలా ఉంది. నాలుగు రోజుల గది అద్దె రూ. 32,000లో పాలసీ ఇచ్చింది రూ. 20,000. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి రూ. 1,20,000. ఆసుపత్రిలో గది తరగతిని బట్టి ఈ ఫీజులు కూడా పెరుగుతాయి కాబట్టి, గదికి అనుమతించిన నిష్పత్తిలోనే వీటినీ కోస్తారు. ఎనిమిది వేలకు అయిదు వేలు అంటే 62.5 శాతం. ఆ ప్రకారం వచ్చింది రూ. 75,000. అక్కడే రూ. 45,000 పోయింది. మందులు, పరీక్షలు రూ. 76,000 పూర్తిగా వచ్చాయి. వైద్యేతర వస్తువులు రూ. 12,000 అసలు రాలేదు. పన్నెండు, నలభై అయిదు, పన్నెండు కలిపితే అరవై తొమ్మిది.

ఆ పాలసీ ఇచ్చింది నేనే. 1 శాతం పరిమితి కాగితంలో ఉంది, నేను మాత్రం వాళ్లకు నోటితో చెప్పలేదు. వార్షికోత్సవ ఉత్తరంలో పాలసీ ఇవ్వనివి ముందు రాయడం ఆ రోజు తర్వాతే మొదలుపెట్టాను.

ఒక విషయం మీకు అనుకూలంగా ఉంది. 2020లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మందులు, శరీరంలో అమర్చే పరికరాలు, రోగ నిర్ధారణ పరీక్షలు, ఐసీయూ ఛార్జీల మీద ఈ నిష్పత్తి కోత వేయకూడదు. గదిని బట్టి ఫీజు మార్చని ఆసుపత్రుల్లోనూ వేయకూడదు. సెటిల్‌మెంట్ కాగితంలో మందుల వరుసలో కూడా శాతం లెక్కన కోత కనిపిస్తే వెంటనే ప్రశ్నించండి.

టాప్‌అప్ తీసుకుంటే ఈ కోతలన్నీ పోతాయా?

పోవు. టాప్‌అప్‌కు డిడక్టిబుల్ అనే ఒక గీత ఉంటుంది. ఖర్చు ఆ గీత దాటిన తర్వాతే అది డబ్బు ఇస్తుంది. గీత 5 లక్షల దగ్గర ఉంటే, రూ. 2,40,000 బిల్లులో బేస్ పాలసీ ఎంత కోసినా టాప్‌అప్ ఒక్క రూపాయి ఇవ్వదు. ఆ పాలసీ మీ చేతిలో ఉన్నా ఇంటికి తిరిగి వచ్చేసరికి జేబుకు పడిన చిల్లు అలాగే ఉంటుంది.

చిన్న బిల్లుల కోతలకు మందు వేరే ఉంది. పరిమితిలోపు గది అడిగి తీసుకోవడం ఒకటి. మీ కంపెనీలో గది పరిమితి తొలగించే, వైద్యేతర వస్తువులకు డబ్బిచ్చే అదనపు కవర్ ఉంటే బేస్ పాలసీకి చేర్చుకోవడం రెండోది. పరిమితులు లేని పాలసీ ఉన్న మరో కంపెనీకి పోర్ట్ కావడం మూడోది. మీ భయం చిన్న బిల్లుల గురించే అయితే ఈ ఏడాది టాప్‌అప్ డబ్బు అటు పెట్టమనే నా సలహా.

మరి పెద్ద బిల్లు వస్తే ఎంత మేలు జరుగుతుంది? ఒక లెక్క చూపించండి.

బైపాస్ ఆపరేషన్, బిల్లు రూ. 8,00,000 అనుకుందాం. మీ బేస్ పాలసీ 5 లక్షలు, గది పరిమితి రూ. 5,000, ఐసీయూ పరిమితి రోజుకు రూ. 10,000, మీరున్న గది రూ. 8,000. బిల్లులో ఆరు రోజుల గది రూ. 48,000, మూడు రోజుల ఐసీయూ రూ. 45,000, డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ రూ. 3,60,000, మందులు రూ. 1,50,000, అమర్చిన పరికరాలు రూ. 1,20,000, పరీక్షలు రూ. 57,000, వైద్యేతర వస్తువులు రూ. 20,000.

బేస్ పాలసీ తన కోతలన్నీ వేశాక కూడా లెక్క రూ. 6,12,000 వస్తుంది. కానీ దాని గరిష్ఠం 5 లక్షలే కాబట్టి అంతే ఇస్తుంది. టాప్‌అప్ లేకపోతే మీరు కట్టేది రూ. 3,00,000.

ఇప్పుడు 5 లక్షల డిడక్టిబుల్‌తో, గది పరిమితి లేని సూపర్ టాప్‌అప్ ఉందనుకోండి. అది తన సొంత షరతుల ప్రకారం బిల్లును మొదటి నుంచి లెక్కిస్తుంది. వైద్యేతర వస్తువులు తీసేస్తే రూ. 7,80,000. అందులో 5 లక్షలు పోగా రూ. 2,80,000 ఇస్తుంది. మీకు మిగిలే భారం రూ. 20,000.

అదే సూపర్ టాప్‌అప్‌లో కూడా మీ బేస్ పాలసీకి ఉన్న గది పరిమితులే ఉంటే? అప్పుడు దాని లెక్క కూడా రూ. 6,12,000 దగ్గరే ఆగుతుంది. ఇచ్చేది రూ. 1,12,000, మీరు కట్టేది రూ. 1,88,000. ఒకే బిల్లు, ఒకే డిడక్టిబుల్. ఒక్క షరతు వల్ల వచ్చిన తేడా రూ. 1,68,000. అందుకే టాప్‌అప్ ఎంచుకునేటప్పుడు ప్రీమియం కన్నా ముందు గది షరతు చదవమంటాను.

మీకు కమీషన్ వస్తుంది కాబట్టే ఇది చెబుతున్నారా?

కమీషన్ వస్తుంది. కంపెనీ ప్రీమియంలోంచి నాకు ఒక వాటా ఇస్తుంది, రెన్యువల్ చేసిన ప్రతి ఏడాదీ ఇస్తుంది. అది తెలుసుకుని నా సలహాను తూచుకునే హక్కు మీకుంది. అయితే అందులో కొంత తిరిగి ఇవ్వమని అడగకండి. బీమా చట్టం, 1938లోని 41వ సెక్షన్ ప్రకారం అలా ఇవ్వడం నేరం. తీసుకోవడం కూడా అంతే.

## ఏది తీసుకోవాలి, ఎంతకు

టాప్‌అప్, సూపర్ టాప్‌అప్ రెండూ ఒకటేనా?

పేరులో ఒక్క మాటే తేడా. క్లెయిమ్ దగ్గర మాత్రం చాలా తేడా. మామూలు టాప్‌అప్‌లో ప్రతి ఆసుపత్రి చేరిక విడివిడిగా డిడక్టిబుల్ దాటాలి. సూపర్ టాప్‌అప్‌లో ఏడాది మొత్తం ఖర్చులు కలిపి దాటితే చాలు.

జూన్‌లో 4 లక్షలు, డిసెంబరులో మూడున్నర లక్షలు ఖర్చయిందనుకోండి. బేస్ పాలసీ 5 లక్షలు ఇచ్చి అయిపోయింది, రెండున్నర లక్షలు మిగిలాయి. 5 లక్షల డిడక్టిబుల్ ఉన్న టాప్‌అప్ ఏమీ ఇవ్వదు, ఎందుకంటే రెండు బిల్లుల్లో ఏదీ 5 లక్షలు దాటలేదు. సూపర్ టాప్‌అప్ ఏడున్నర లక్షల మొత్తం చూసి ఆ రెండున్నర లక్షలూ ఇస్తుంది. డయాలిసిస్, కీమోథెరపీ వంటి చికిత్సల్లో బిల్లులు ముక్కలుముక్కలుగానే వస్తాయి. కాబట్టి నేను సూపర్ టాప్‌అప్ మాత్రమే సూచిస్తాను.

నా పాలసీ, క్లెయిమ్ లేని ఏడాదులకు చేరిన బోనస్‌తో కలిసి ఏడున్నర లక్షలైంది. డిడక్టిబుల్ కూడా ఏడున్నర లక్షలు పెట్టుకోవచ్చా? ప్రీమియం ఇంకా తగ్గుతుంది కదా?

వద్దు. అసలు బీమా మొత్తం 5 లక్షలైతే డిడక్టిబుల్ 5 లక్షలే ఉంచండి. చాలా పాలసీల్లో క్లెయిమ్ చేసిన తర్వాతి రెన్యువల్‌లో బోనస్ తగ్గుతుంది. అలా తగ్గిన ఏడాదే మళ్లీ ఆసుపత్రిలో చేరితే, బేస్ పాలసీ ఆగిన చోటికీ టాప్‌అప్ మొదలయ్యే చోటికీ మధ్య ఉన్న ఖాళీని మీరే పూడ్చాలి. ప్రీమియంలో ఆదా అయ్యేది ఆ ఖాళీ ముందు చాలా చిన్నది.

టాప్‌అప్ ఎందుకు? బేస్ పాలసీనే పది లక్షలకు పెంచుకుంటే పోదా?

స్తోమత ఉంటే అది మంచి మార్గమే. గది పరిమితి 1 శాతం అని ఉన్న పాలసీని 10 లక్షలకు పెంచితే పరిమితి కూడా రోజుకు రూ. 10,000 అవుతుంది. చిన్న బిల్లుల్లో పడే కోత కూడా చాలావరకు పోతుంది. టాప్‌అప్ ఈ పని చేయలేదు.

ఇబ్బందులు రెండు. బేస్ పాలసీ మొదటి రూపాయి నుంచి చెల్లిస్తుంది కాబట్టి పెంచిన మొత్తానికి ప్రీమియం ఎక్కువ. రెండోది, పెంచిన అయిదు లక్షలకు నిరీక్షణ కాలం, అంటే కొన్ని జబ్బులకు డబ్బు ఇవ్వని తొలి కాలం, మొదటి నుంచి లెక్కిస్తారు. ఆ కాలంలో పాత జబ్బుకు పాత మొత్తం, పాత గది పరిమితే వర్తిస్తాయి. నలభై ఏళ్లలోపు వారికి బేస్ పెంచమని, అరవై దగ్గర పడినవారికి ప్రీమియం భరించలేని స్థాయికి వెళుతుంది కాబట్టి సూపర్ టాప్‌అప్ చూడమని చెబుతుంటాను. ఇది నా అంచనా, నియమం కాదు.

ఇంత తక్కువ ప్రీమియానికి అన్ని లక్షలు ఎలా ఇస్తారు? ఏదైనా మెలిక ఉందా?

మెలిక డిడక్టిబులే. ఆసుపత్రి క్లెయిమ్‌లలో ఎక్కువ భాగం చిన్నవి. అవన్నీ గీతకు కిందే తేలిపోతాయి కాబట్టి టాప్‌అప్ కంపెనీ దాకా రావు. అందుకే ధర తక్కువ. వయసు పెరిగేకొద్దీ ఈ ప్రీమియం కూడా పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. అంతకుముందు 18 శాతం ఉండేది. పాత కొటేషన్ కాగితం చూసి పోల్చేవారు ఇది గమనించాలి.

నాకు బేస్ పాలసీ లేదు, ఉద్యోగంలో కంపెనీ ఇచ్చిన బీమా ఉంది. దాని మీద తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. డిడక్టిబుల్ మొత్తాన్ని ఎవరు కట్టారన్నది టాప్‌అప్‌కు ముఖ్యం కాదు. మరో పాలసీ కట్టినా, మీరే కట్టినా ఒకటే. కానీ ఉద్యోగం మారినా, మానినా, రిటైరైనా ఆ బీమా ఆ రోజుతోనే పోతుంది. అప్పుడు మొదటి 5 లక్షలూ మీ సొంత డబ్బే. రిటైర్మెంట్ పదేళ్లలోపు ఉన్నవారైతే టాప్‌అప్ కన్నా ముందు ఒక చిన్న సొంత బేస్ పాలసీ తీసుకోండి.

## ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు

షుగర్ నాకు బేస్ పాలసీ తీసుకున్నాక వచ్చింది. టాప్‌అప్ ఫారంలో రాయాలా?

తప్పకుండా రాయాలి. బేస్ పాలసీకి అది తర్వాత వచ్చిన జబ్బు. ఈ రోజు తీసుకునే టాప్‌అప్‌కు మాత్రం అది ముందునుంచీ ఉన్న జబ్బు. ఒక్కో పాలసీ తన పుట్టిన తేదీ నుంచే లెక్క చూసుకుంటుంది. "బేస్ కంపెనీకి తెలుసు కదా" అన్నది ఇక్కడ పనికిరాదు, ఒకే కంపెనీ అయినా సరే.

ఫారం నేను నింపుతాను కదా అని క్లయింట్లు సంతకం పెట్టి నాకు ఇచ్చేస్తుంటారు. దయచేసి అలా చేయకండి. ఆరోగ్య ప్రశ్నల పేజీ మీ ఎదురుగానే నింపించుకోండి. నేను అడిగేది మూడే: ఇంట్లో ఎవరు ఏ మాత్ర రోజూ వేసుకుంటున్నారు, గత కొన్నేళ్లలో ఎవరు ఆసుపత్రిలో పడుకున్నారు, ఏ పరీక్షలో ఏదైనా తేడా వచ్చిందా. మొదటి ప్రశ్నకు చాలామంది "ఏమీ లేదండి" అంటారు. కాసేపటికి లోపలి నుంచి ఆవిడ "థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను కదా" అంటారు. ఆ థైరాయిడ్ మాత్ర ఫారంలో ఉండాలి.

బేస్ పాలసీలో నిరీక్షణ కాలం ఎప్పుడో అయిపోయింది. టాప్‌అప్‌లో మళ్లీ ఆగాలా?

ఆగాలి. కొత్త పాలసీ కాబట్టి మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప వేరే దేనికీ ఇవ్వదు. హెర్నియా, శుక్లాలు, మోకీలు మార్పిడి వంటి జాబితా చికిత్సలకు సాధారణంగా రెండేళ్లు ఆగాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు. 2024 వరకు ఈ గరిష్ఠం నాలుగేళ్లుగా ఉండేది. కొన్ని కంపెనీల సూపర్ టాప్‌అప్‌లలో ఇది ఏడాదే ఉంటుంది. మీకు షుగరో, బీపీయో ఉంటే పది రూపాయలు ఎక్కువైనా అలాంటిదే వెతకమని చెబుతాను.

వచ్చే నెలలో మోకీలు ఆపరేషన్ ఉందని ఈ నెలలో టాప్‌అప్ అడిగేవారికి నేను పాలసీ చేయను. డబ్బు రాదు, నాకూ మాట మిగలదు.

బేస్ పాలసీ రెన్యువల్ జూన్‌లో. టాప్‌అప్ జనవరిలో తీసుకుంటే ఏమవుతుంది?

సూపర్ టాప్‌అప్ ఖర్చులను తన సంవత్సరంలోనే కూడుతుంది. తేదీలు వేరైతే లెక్క మధ్యలో తెగిపోతుంది. నవంబరులో 4 లక్షలు, ఫిబ్రవరిలో 4 లక్షలు ఖర్చయిందనుకోండి. రెండూ బేస్ పాలసీ ఒకే సంవత్సరంలో పడ్డాయి కాబట్టి అది 5 లక్షలు ఇచ్చి ఆగింది. జనవరిలో మారే సూపర్ టాప్‌అప్‌కు మాత్రం ఇవి రెండు వేర్వేరు సంవత్సరాలు. ఒక్కో దానిలో 4 లక్షలే కాబట్టి గీత దాటలేదు, ఏమీ రాలేదు. మిగిలిన 3 లక్షలు మీవే.

టాప్‌అప్‌ను బేస్ పాలసీ రెన్యువల్ రోజునే మొదలుపెడితే ఈ చిక్కు ఉండదు. ప్రతిపాదనను వార్షికోత్సవానికి ముడిపెట్టి పంపడానికి అసలు కారణం ఇదే.

రెండూ ఒకే కంపెనీలో ఉండాలా?

అక్కర్లేదు. ఒకే కంపెనీ అయితే క్యాష్‌లెస్ సులువు, కాగితాలు ఒకసారే ఇస్తే చాలు. వేరే కంపెనీ టాప్‌అప్‌లో గది పరిమితి లేకపోతే, లేదా నిరీక్షణ కాలం తక్కువైతే ఆ సులువును వదులుకోవచ్చు. పెద్దవాళ్లు మాత్రమే ఉండి, పిల్లలు దూరదేశంలో ఉన్న ఇంటికైతే ఒకే కంపెనీ మేలని నా అభిప్రాయం. ఆసుపత్రిలో రెండు కంపెనీల చుట్టూ తిరిగే మనిషి ఆ ఇంట్లో ఉండరు.

పాలసీ కాగితం వచ్చాక నచ్చకపోతే?

కాగితం చేతికొచ్చిన 30 రోజుల్లోగా వెనక్కి ఇవ్వవచ్చు. క్లెయిమ్ ఏదీ చేయకపోతే, కవర్ ఉన్న రోజుల వాటా, వైద్య పరీక్షల ఖర్చు వంటివి మినహాయించి మిగతా ప్రీమియం తిరిగి ఇస్తారు. ఆ నెలలో ఒక పని చేయండి: కాగితంలో డిడక్టిబుల్ అంకె, అది ఏడాది మొత్తానికా ప్రతి క్లెయిమ్‌కా అన్న మాట, గది షరతు, మీరు చెప్పిన జబ్బుల పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

## ఆసుపత్రిలో చేరినప్పుడు

ముందు ఎవరికి చెప్పాలి? టాప్‌అప్ కంపెనీకి బిల్లు 5 లక్షలు దాటాక చెబితే సరిపోతుందా?

సరిపోదు. చేరిన రోజే రెండు కంపెనీలకూ తెలియజేయండి. చాలా పాలసీల్లో అత్యవసరంగా చేరితే 24 గంటల్లో, ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు చెప్పాలని ఉంటుంది. బిల్లు ఎంతవుతుందో మొదటిరోజు ఎవరికీ తెలియదు. మూడు లక్షల అంచనాతో చేరినవారికి ఇన్ఫెక్షన్ వచ్చి ఐసీయూలో వారం గడిస్తే లెక్క మారిపోతుంది. ఫోన్ చేసినప్పుడు వాళ్లిచ్చే నంబరు రాసిపెట్టుకోండి.

అసలు బిల్లులన్నీ బేస్ కంపెనీ తీసుకుంది. టాప్‌అప్‌కు ఏమి పంపాలి?

బేస్ కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటర్ ముఖ్యం. ఎంత బిల్లుకు ఎంత ఇచ్చారో, ఏది ఎందుకు కోశారో అందులో ఉంటుంది. దానితోపాటు డిశ్చార్జ్ సమ్మరీ, వివరమైన ఫైనల్ బిల్లు, పరీక్షల రిపోర్టులు, మందుల బిల్లులు, వీటి ధ్రువీకరించిన నకళ్లు పంపాలి. డిశ్చార్జ్ రోజున ఆసుపత్రి ముద్ర వేయించిన నకలు సెట్ ఒకటి అడిగి తీసుకోండి. నెల తర్వాత మెడికల్ రికార్డుల గదికి వెళ్లి అడగడం కన్నా అది ఎంతో సులువు.

చిన్న బిల్లు అయినా ఈ కాగితాలు దాచండి. ఏడాది చివర మరో బిల్లు వస్తే సూపర్ టాప్‌అప్ లెక్కలో మొదటిది కూడా చూపించాలి.

బేస్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే టాప్‌అప్ కూడా ఇవ్వదా?

ఎందుకు తిరస్కరించిందన్న దాన్ని బట్టి ఉంటుంది. టాప్‌అప్ తన షరతుల ప్రకారం విడిగా చూస్తుంది. బేస్ పాలసీలో మాత్రమే ఉన్న ఒక పరిమితి వల్ల డబ్బు రాకపోతే, టాప్‌అప్‌లో ఆ పరిమితి లేకపోతే, గీత దాటిన భాగం అది ఇవ్వవచ్చు. అయితే జబ్బు దాచారన్న కారణమైతే రెండో కంపెనీ కూడా మీ పాత రికార్డులు అడుగుతుంది. అయిదేళ్లు ఆగకుండా నడిచిన కవర్ మీద మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిమ్ నిరాకరించకూడదన్న నియమం ఉంది. కానీ కొత్త టాప్‌అప్‌కు ఆ అయిదేళ్లు ఇంకా నిండి ఉండవు.

కోత తప్పనిపిస్తే ఎక్కడికి వెళ్లాలి?

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. పాలసీలోని ఏ షరతు ప్రకారం కోశారో చెప్పమని అడగండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది సరిగ్గా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

## మరుసటి ఏడాది

బేస్ పాలసీని వేరే కంపెనీకి మారుస్తున్నాను. టాప్‌అప్ పోతుందా?

పోదు, అది విడి పాలసీ. పోర్ట్ దరఖాస్తు మాత్రం రెన్యువల్‌కు సాధారణంగా 45 రోజుల ముందే ఇవ్వాలి. కొత్త కంపెనీ మీ ఆరోగ్య వివరాలు చూసి కాదనవచ్చు కూడా. అందుకే అటు నుంచి ఒప్పుకోలు వచ్చేవరకు పాత పాలసీని వదలకండి. మారాక కొత్త బేస్ పాలసీ మొత్తం టాప్‌అప్ డిడక్టిబుల్ కన్నా తక్కువ కాకుండా చూసుకోండి.

రెండేళ్లుగా టాప్‌అప్ వాడలేదు. ఈ ఏడాదికి మానేయవచ్చా?

మానేయడం మీ ఇష్టం. ఏమి పోతుందో మాత్రం చెప్పాలి. ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల నిరీక్షణలో రెండేళ్లు గడిచాయి. ఇప్పుడు వదిలేసి మళ్లీ ఎప్పుడైనా తీసుకుంటే ఆ రెండేళ్లూ లెక్కలోకి రావు. ఈలోగా వచ్చిన కొత్త జబ్బు కూడా పాత జబ్బుల జాబితాలో చేరుతుంది. ఏడాది ప్రీమియం పాలసీకి గడువు తర్వాత 30 రోజులు వెసులుబాటు ఉంది. ఆ రోజుల్లో కడితే పాలసీ తెగదు, గడిచిన నిరీక్షణ కాలమూ పోదు. కానీ ప్రీమియం కట్టని ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రాదు. డబ్బు సర్దుబాటు కాక ఆలోచిస్తున్నవారైతే గడువు తేదీకి ముందే నాకు ఒక ఫోన్ చేయండి. టాప్‌అప్ మొత్తాన్ని తగ్గించి కొనసాగించే వీలు మీ పాలసీలో ఉందేమో ఇద్దరం కలిసి చూద్దాం.